తొమ్మిది మంది మధ్య ఒక సరసం

నాగార్జునకొండ చూసొద్దామని నా స్నేహితురాలు వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టింది. మొత్తం తొమ్మిది మందిమి. సగం మంది నాకు తెలిసినవాళ్ళు, మిగతా సగం ఆమెకు తెలిసినవాళ్ళు. ఆమెకు తెలిసినవాళ్ళలో ఒకతను ఖర్చుల లెక్క చూసేవాడు. కార్లకెంత, లాంచీ టిక్కెట్లకెంత, మనిషికెంత పడుతుంది అని రోజూ రాత్రి తొమ్మిదింటికి రాసి, చివర్న ఒక చిన్న చమత్కారం చేర్చేవాడు. "టీల కేటాయింపు పెంచాలన్న వినతిపత్రం పరిశీలనలో ఉంది" లాంటిది. వారం తిరిగేసరికి ఆ తొమ్మిదింటి మెసేజ్ కోసం ఎదురుచూస్తున్నానని నాకే తెలిసిపోయింది.

ఒకరోజు అతను తన ఫొటో మార్చాడు. నేను ముందూ వెనకా చూసుకోకుండా గ్రూపులోనే "గడ్డం బావుందండీ, తీసెయ్యకండి" అని రాసి పక్కన కన్నుగీటే బొమ్మ పెట్టాను. నిమిషంలో ఐదుగురు పడీపడీ నవ్వే బొమ్మలు పెట్టారు. ఒకాయన "పప్పన్నం ఎప్పుడు?" అన్నాడు. ఒకావిడ "మా పిల్లకి ఇన్నాళ్ళకి..." అని చుక్కలు పెట్టింది. అతను నా మాటకి ఒక బొటనవేలు గుర్తు మాత్రం పెట్టి ఊరుకున్నాడు. ఆ రాత్రి లెక్క రాలేదు. మర్నాడు రాత్రి కూడా రాలేదు.

ఆ రెండు రోజులూ నన్ను తొలిచినది తిరస్కారం కాదు. ముప్ఫై ఆరేళ్ళ ఒంటరి స్త్రీకి, అందులోనూ పీహెచ్‌డీ చేసిన స్త్రీకి, తిరస్కారం కంటే జాలి ఎక్కువ కష్టం. "పాపం, అడిగింది, అతను పలకలేదు" అనే వాక్యం ఏడుగురి మనసుల్లో ఒకేసారి తయారవుతుంది. అంతకంటే కష్టమైనది మరొకటి ఉంది. ఇదే పని నాకు ఒకరు చేశారు. చాలా ఏళ్ళ క్రితం పాత విద్యార్థుల గ్రూపులో ఒక సీనియర్ నా ఫొటో చూసి, "ఈ చీర చూశాక థీసిస్ ఎవరు చదువుతారు?" అని రాశాడు. అందరూ నవ్వారు. నేను పలకకపోతే "సరదాకన్నాను, సీరియస్ అవకండి" అన్నాడు. ఆ రోజు నేను పడ్డ ఇబ్బందినే, ఇన్నేళ్ళ స్త్రీవాద పఠనం తర్వాత, నేను ఇంకొకరికి పంచిపెట్టానా? ఈ ప్రశ్న నుంచే ఈ వ్యాసం మొదలైంది.

ఈ పనికి తెలుగులో మాట వెతికితేనే చిక్కు బయటపడుతుంది. మగవాడు చేస్తే మనకు క్రియలున్నాయి. లైనెయ్యడం, సైటు కొట్టడం, ఈమధ్య పులిహోర కలపడం. అతను ఒక పని చేశాడు, అయిపోయింది, ఇంటికి పోయాడు. స్త్రీ చేస్తే మనకున్నవి నామవాచకాలు. వగలాడి, టక్కులాడి, జాణ. ఆమె పని చేయలేదు, ఆమె అటువంటిదే. ఫ్లర్టింగ్ అనే ఇంగ్లీషు మాటను మనం తెచ్చుకున్నది ఫ్యాషన్‌కి కాదేమో. ఒక స్త్రీ సాయంత్రం ఒక సరసపు మాట అని, పొద్దున్నకల్లా తన పనిలో పడిపోవచ్చు అని చెప్పే మాట మనకు లేకపోవడం వల్లేమో.

మాట లేకపోయినా ఏర్పాటు లేకపోలేదు. మన ఇళ్ళలో సరసానికి వరస కావాలి. బావా మరదళ్ళు పెళ్ళిపందిట్లో వందమంది ముందు ఎంతైనా ఆడుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. అందరికీ నియమాలు తెలుసు కాబట్టి అవమానం ఉండదంటారు. కానీ ఆ ఏర్పాటులో మరదలికి ఇష్టం లేదని చెప్పే చోటు ఎక్కడుంది? వరసే ఆమె తరఫున ముందుగా ఒప్పేసుకుంది. స్నేహితురాలి స్నేహితుడితో అలాంటి వరస ఏదీ లేదు. అందుకే అది అయోమయంగా ఉంటుంది, అందుకే అందులో కొంచెం న్యాయం కూడా సాధ్యమవుతుంది. ఒప్పుకోలు ముందే జరిగిపోయి లేదు కాబట్టి ప్రతి మాటకీ దాన్ని కొత్తగా సంపాదించుకోవాలి.

ఎలా సంపాదించాలి అన్నది ఆలోచిస్తుంటే నాకు నా చదువే అడ్డొచ్చింది. హాలుడి పేరుమీద ఉన్న ప్రాకృత గాథల్లో ఒక ఇల్లాలు, సాయంత్రం వేళ ఇంటికొచ్చిన బాటసారితో మాట్లాడుతుంది. అత్తగారు ఎక్కడ పడుకుంటుందో, తానెక్కడ పడుకుంటుందో వెలుతురుండగానే చూపించి, రాత్రి కళ్ళు కనపడక మా మీద పడేవు సుమా అని హెచ్చరిస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం మొదట్లోనే ఈ గాథను ఎత్తుకున్నాడు. పైకి వద్దు అంటున్న మాట లోపల రమ్మంటోందని చూపడానికి. క్లాసులో మేమంతా ఇది ధ్వనికి ఉదాహరణగా చదువుకున్నాం. అక్కడ మూడో మనిషి ఉందన్న సంగతిని మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. అత్తగారు లేకపోతే ఆ గాథే అక్కర్లేదు. నలుగురి ముందు ఒకరికి మాత్రమే చెప్పడం ఎలా అన్న అవసరంలోంచే ఆ వాక్యం పుట్టింది.

ఆ వాక్యంలో నన్ను ఆపింది పై అర్థం. రెండో అర్థం పూర్తిగా తీసేసినా ఆ మాటకు పని ఉంది. కొత్త ఇంట్లో పడుకోబోయే మనిషికి ఎవరెక్కడ ఉంటారో చెప్పడం నిజంగా అవసరమే. బాటసారికి ఆసక్తి లేకపోతే "సరేనమ్మా" అని గోడవైపు తిరిగి పడుకోవచ్చు. అతను దేన్నీ కాదనలేదు, ఆమెను ఎవరూ కాదనలేదు. ఇప్పుడు నా గడ్డం మాట తీసుకోండి. సరసం తీసేస్తే అందులో ఏం మిగులుతుంది? ఏమీ మిగలదు. ఆ సీనియర్ చీర మాటలోనూ ఏమీ మిగలదు. అలాంటి మాట వచ్చి పడినప్పుడు ఎదుటి మనిషికి రెండే దారులు. ఏడుగురి ముందు ఔననాలి, లేదా ఏడుగురి ముందు మౌనంగా ఉండి కాదన్నట్టు కనబడాలి. గ్రూపులో ఇబ్బంది పుట్టేది సరసం వల్ల కాదు, జవాబును అందరి ముందూ పెట్టమని అడగడం వల్ల.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది చిన్నది కాదు. రెండర్థాల మాటే కదా వేధించేవాళ్ళ ఆయుధం? "సరదాకన్నాను" అనేవాడు కూడా పై అర్థం వెనకే దాక్కుంటున్నాడు కదా? నిజమే, పనిముట్టు ఒకటే. అది ఎవరిని కాపాడుతోంది అన్నదే తేడా. ఆ సీనియర్ అస్పష్టత అతనికి గొడుగు. నేను నొచ్చుకుంటే నాకు హాస్యం తెలియదన్నమాట. గాథలోని అస్పష్టత మొదట బాటసారికి గొడుగు, ఆ తర్వాతే ఆమెకు. పరీక్ష చాలా తేలిక. నా మాట అతనికి అందలేదనుకుందాం, లేదా అందినా అందనట్టు ఊరుకున్నాడనుకుందాం. నష్టం ఎవరికి? అతనికి ఏ నష్టమూ లేకపోతే అది సరసం. "ఏం, జోకు అర్థం కాలేదా?" అని నేను రెండోసారి గుచ్చిన క్షణంలో అదే మాట వేధింపు వైపు జరిగిపోతుంది.

ఈ విషయం ఒక మిత్రురాలితో చెబితే ఆమె ఒప్పుకోలేదు. "వందల ఏళ్ళు నోరు మూయించారు. ఇప్పుడు మన కోరికకి మనమే మర్యాదలు నేర్పాలా? నచ్చాడు, నచ్చాడని చెప్పు" అంది. ఆమె కోపం నాకు అర్థమవుతుంది. నా కోరికను బయటపెట్టే హక్కు నాదే. కానీ అతని జవాబును ఎనిమిది మంది చూసేలా రాబట్టుకునే హక్కు నాది కాదు. నచ్చాడని సూటిగా చెప్పడానికి ఒకే మనిషి ఉన్న గది కావాలి. గ్రూపు ఆ గది కాదు.

రెండు రోజుల తర్వాత నేనేం చేశానో చెబుతాను. ముందు చేయకుండా వదిలేసినవి మూడున్నాయి. మెసేజ్ చెరిపేయలేదు. చెరిపేస్తే అక్కడ ఏదో చెరిపారన్న గుర్తు మిగులుతుంది, చదవనివాళ్ళు కూడా ఏంటది అని అడుగుతారు. గ్రూపులో క్షమాపణ చెప్పలేదు. చెబితే అందరూ వెనక్కెళ్ళి మళ్ళీ చదువుతారు, అతను "పర్లేదండీ" అని ఇంకో జవాబు చెప్పాల్సొస్తుంది. అతనికి విడిగానూ రాయలేదు. అతని నంబరు గ్రూపులో నాకు కనబడుతోంది. కనబడటం వేరు, అతను ఇవ్వడం వేరు. స్త్రీలుగా మనకిది బాగా తెలుసు. ఏదో ఒక గ్రూపులోంచి నంబరు పట్టుకుని రాత్రిపూట "హాయ్" అనేవాళ్ళు మనలో ఎవరి ఫోన్లో లేరు?

చేసింది ఒక్కటే. ఆ పప్పన్నం మాటకు నేను జవాబిచ్చాను. "పప్పన్నం కాదుగానీ పులిహోర తెస్తాను. తొమ్మిది మందికి ఎంత బియ్యం పొయ్యాలో ఎవరైనా చెప్పండి" అని. ఆ మాటకు నిజంగా పని ఉంది. లాంచీ ఎక్కే ముందు తినడానికి ఏదైనా పట్టుకెళ్ళాలని అంతకుముందే అనుకున్నాం, ఎవరూ బాధ్యత తీసుకోలేదు. ఎగతాళిని నా మీదకు తిప్పుకున్నాను కాబట్టి అతను దాని బయటకొచ్చాడు. ప్రశ్న అందరినీ అడిగాను కాబట్టి అతను పలకాల్సిన అవసరమూ లేదు. పులిహోర కలపడానికి ఇంకో అర్థం ఉందన్నది నాకు తెలుసు. దాన్ని పట్టుకోవాలనుకున్నవాళ్ళు పట్టుకుంటారు, లేకపోతే బియ్యం కొలత చెబుతారు.

గ్రూపులో ఒకావిడ బియ్యం కొలత చెప్పింది. అరగంట తర్వాత అతను రాశాడు. "కిలోంబావు చాలు. చింతపండుదైతేనే ఖర్చు మంజూరు. నిమ్మకాయదైతే లెక్కలోకి రాదు." కొలత అప్పటికే తేలిపోయింది, అతను రాయక్కర్లేదు. అయినా రాశాడు. నేను చూసుకోవాల్సింది ఈ అక్కర్లేని భాగాన్నే. మర్యాదకి పలికేవాళ్ళు అడిగిన దానికి మాత్రం జవాబు చెప్పి ఆగుతారు. ఆడాలనుకున్నవాళ్ళు అడగనిది ఒకటి జోడిస్తారు. అతను "కిలోంబావు" అని ఆగిపోయి ఉంటే అదీ జవాబే, దాన్ని జవాబుగా తీసుకుని నేనూ ఆగాలి.

నేను "చింతపండు పిప్పితో సహా తూకం వేసి బిల్లు పెడతాను" అని ఒక్క మాట రాసి నాలుగు రోజులు ఆ ఊసెత్తలేదు. ఈ నాలుగు రోజులే అన్నిటికంటే కష్టం. కానీ వెంటవెంటనే మాట విసురుతుంటే ఎదుటివాళ్ళు ఆడుతున్నారో, తప్పించుకోలేక పలుకుతున్నారో తెలియదు. పైగా మిగతా ఏడుగురూ ప్రేక్షకులైపోతారు. ఖాళీ వదిలితే గ్రూపు గ్రూపుగా ఉంటుంది. వాళ్ళు హోటలు గురించి, చెప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఐదో రోజు రాత్రి తొమ్మిదింటి లెక్క చివర్న అతనే రాశాడు. "పులిహోర విభాగం నుంచి ఇంతవరకు బిల్లు అందలేదు." బంతి వదిలేశాక, దాన్ని వెతికి తెచ్చింది అతను. అప్పుడు మాత్రమే నేను దాన్ని ఇష్టంగా లెక్కపెట్టుకున్నాను.

ఇలాంటి చోట్ల మన చట్టం ఎంతవరకు సాయం చేస్తుంది? 2013లో శిక్షాస్మృతిలో చేర్చి, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షనుగా ఉన్న నిబంధన, స్త్రీ అయిష్టాన్ని స్పష్టంగా తెలిపాక కూడా పురుషుడు పదేపదే సంప్రదిస్తే నేరమంటుంది. నేరానికి ఆ గీత ఉండాల్సిందే. కానీ గ్రూపులో స్పష్టంగా అయిష్టం చెప్పడమే అన్నిటికంటే కష్టమైన పని. స్నేహితురాలు నొచ్చుకుంటుందని, ప్రయాణం పాడవుతుందని ఊరుకుంటాం. అందుకే నైతికమైన గీత చట్టం గీసినదాని కంటే చాలా ముందు ఉండాలి. కాదు అనేదాకా ఆగక్కర్లేదు. ఔను అన్నట్టు ఏదీ కనబడకపోతే అదే చాలు.

సార్త్ర్ 1943లో 'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్'లో ఒక స్త్రీ ఉదాహరణ ఇచ్చాడు. మొదటిసారి కలిసినవాడు ఆమె చెయ్యి పట్టుకుంటాడు. ఆమె వెనక్కి తీసుకోదు, ఒప్పుకోదు, చెయ్యి తనది కానట్టు గొప్ప గొప్ప విషయాలు మాట్లాడుతూ ఉంటుంది. దాన్ని ఆయన ఆత్మవంచన అన్నాడు. చదివిన ప్రతిసారీ నాకు ఒకటే సందేహం. తేల్చుకోవడానికి వ్యవధి తీసుకోవడం వంచన ఎలా అవుతుంది? అడగకుండా చెయ్యి పట్టుకున్నవాడి గురించి ఆయనకు ప్రశ్నే రాలేదు. అతను రెండు రోజులు లెక్క రాయకపోవడం కూడా అలాంటి వ్యవధే. చెయ్యి పట్టుకున్నది ఈసారి నేను.

ఇంక గ్రూపు పెట్టిన నా స్నేహితురాలి సంగతి. పులిహోర మాట రాసిన రాత్రే ఫోన్ చేసి, "ఏమే, పులిహోర ఎవరికే?" అంది. దాచలేదు. "నేను కనుక్కోనా?" అని ఉత్సాహపడింది. మన శృంగార సాహిత్యమంతా సఖి రాయబారాలతో నిండి ఉంది. క్షేత్రయ్య పదాల్లో సఖి లేకపోతే నాయిక మాట ఎవరితో చెప్పుకుంటుంది? కానీ నాయిక మాట మోసి మోసి సఖికి ఏమైపోతుందో ఎవరూ అడగరు. ఆమె అడిగితే అతను నాకు కాదు, ఆమెకు జవాబు చెప్పాలి. కాదంటే పాత స్నేహితురాలిని కాదన్నట్టవుతుంది. రేపు ఇద్దరం తగాదాపడితే మధ్యలో నలిగేది ఆమె. అందుకని ఒక్కటే అడిగాను. "రాయబారం వద్దు. నేను అడుగు పెట్టకూడని చోటు ఏదైనా ఉంటే మాత్రం చెప్పు." పెళ్ళి కాలేదు, ఎవరితోనూ ఉండట్లేదు అంది. మిగతాది అతను చెప్పుకోవాల్సిన విషయమని అక్కడితో ఆగింది. ఆ ఆగడం వల్లే ఆమె నాకు ఇంకా స్నేహితురాలు.

పులిహోర బాగానే కుదిరింది. లాంచీలో అందరూ కొండ ఫొటోలు తీసుకుంటుంటే అతను నా పక్కకొచ్చి నిలబడ్డాడు. నేను అడిగాను. "మీ నంబరు గ్రూపులో కనిపిస్తోంది గానీ మీరిచ్చింది కాదు. ఇస్తారా?" అతను నవ్వి, "రాసుకోండి" అని పది అంకెలూ చెప్పాడు, నా ఫోన్లో అవి ఉన్నాయని తెలిసి కూడా.

తర్వాత మూడు వారాలు మాట్లాడుకున్నాం. అప్పుడతను చెప్పాడు, ఒక పాత బంధం నుంచి ఇంకా తేరుకోలేదని, ఇప్పుడు కొత్తది ఏదీ మొదలుపెట్టలేనని. నాకు బాధ కలిగింది. ఆ బాధ నా ఒక్కదానిదే. గ్రూపులో ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు, ఎవరూ జాలి పడలేదు. ఆ గ్రూపు ఇంకా ఉంది, పేరు మార్చి వచ్చే చలికాలం ఫణిగిరి వెళ్దామంటున్నారు. లెక్క అతనే చూస్తున్నాడు.

ఈ వ్యాసం అచ్చుకు పంపే ముందు అతనికి చూపించాను. ఒకచోట దిద్దాడు. ఆ రెండు రోజులూ ఇబ్బందిపడి మౌనంగా ఉన్నానని మీరు రాశారు, అది సగమే నిజం అన్నాడు. గడ్డం మాట బావుందట. ఒంటరిగా ఉన్నప్పుడు చదువుకుని నవ్వుకున్నాడట. "కానీ పప్పన్నం అన్నాక నేనేం రాసినా అది మీకు జవాబు కాదు, వాళ్ళకి జవాబైపోతుంది. అందుకే రాయలేదు" అన్నాడు.